అర్ధచంద్ర శిబిరం: జర్మనీలో భారతీయ యుద్ధఖైదీల నిర్బంధ జీవితం

1. ఉపోద్ఘాతం

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యం తరఫున పశ్చిమ రణరంగంలో పోరాడిన సిపాయిలలో కొందరు జర్మన్లకు చిక్కారు. వారిలో అనేకులను బెర్లిన్‌కు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న వ్యున్స్‌డోర్ఫ్ వద్ద ఒక ప్రత్యేక శిబిరంలో నిర్బంధించారు. దాని పేరు హాల్బ్‌మోండ్‌లాగర్, అంటే అర్ధచంద్ర శిబిరం. ఇక్కడి ఖైదీలకు ఇతర శిబిరాలలో లేని కొన్ని సౌకర్యాలు లభించాయి. ఆ సౌకర్యాల వెనుక ఉన్న ఉద్దేశం ఏమిటి? అక్కడి జీవితాన్ని ఖైదీలు స్వయంగా ఎలా చెప్పుకున్నారు? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. వసతి, ఆహారం, ఆచారాలు

ఖైదీలకు తిండి, వసతి, దుస్తుల విషయంలో తన సొంత సైనికులతో సమానమైన స్థాయి కల్పించాలని 1907 నాటి హేగ్ ఒప్పందం నిర్బంధించిన రాజ్యాన్ని ఆదేశించింది. వ్యున్స్‌డోర్ఫ్‌లో ఏర్పాట్లు ఒక విషయంలో దీనిని మించాయి. ప్రధానంగా ముస్లిం ఖైదీలకోసం ఏర్పరచిన ఈ శిబిరంలో కొయ్య బారకాసులతో పాటు, 1915 జులైలో గుమ్మటం, మీనారు గల ఒక కొయ్య మసీదును కూడా నిర్మించారు. జర్మనీలో ఆరాధనకోసం కట్టిన తొలి మసీదు ఇదే. హిందువులను, సిక్కులను కూడా ఈ శిబిరంలోనే ఉంచారు. ఖైదీలు తమ ఆచారాన్ని బట్టి వంట చేసుకోవడానికి, జంతువులను వధించుకోవడానికి అనుమతి ఉండేది.

ఈ ఆదరణకు రాజకీయ కారణం ఉంది. 1914 నవంబరులో జర్మనీ మిత్రరాజ్యమైన ఆటోమన్ సామ్రాజ్యం జిహాద్ ప్రకటించింది. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల ఏలుబడిలోని ముస్లిం ప్రజలను ఆ రాజ్యాలపైకి తిప్పాలన్నది బెర్లిన్‌లో మాక్స్ ఫాన్ ఓపెన్‌హైమ్ రూపొందించిన పథకం. ఖైదీల శిబిరం ఆ పథకానికి ప్రయోగశాల అయింది. ఖైదీల కోసం ‘హిందోస్తాన్’ అనే పత్రికను హిందీ, ఉర్దూలలో ముద్రించి పంచారు. బెర్లిన్‌లోని భారత స్వాతంత్ర్య సమితి సభ్యులు శిబిరానికి వచ్చి సిపాయిలతో మాట్లాడేవారు. ఆ సమితి ప్రముఖులలో ఒకరైన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాదులో జన్మించినవాడు, సరోజినీ నాయుడు సోదరుడు. ఇంత ప్రయత్నం జరిగినా, బ్రిటన్‌పై ఆయుధం పట్టడానికి ముందుకు వచ్చిన భారతీయ ఖైదీలు కొద్దిమందే.

3. గొట్టం ముందు నిలిచిన ఖైదీ

రాజకీయవేత్తల తరువాత శిబిరానికి భాషావేత్తలు వచ్చారు. 1915లో ఏర్పడిన ప్రష్యా రాజ ధ్వనిముద్రణ సంఘం విల్‌హెల్మ్ డోగన్ నిర్వహణలో ఖైదీల శిబిరాలలో తిరిగి, వివిధ భాషలలో మాటలను, పాటలను రికార్డు చేసింది. పద్ధతి కచ్చితమైనది. ఖైదీ ఏం చెప్పాలో ముందుగా రాయించి, అభ్యాసం చేయించి, తరువాత గ్రామఫోను గొట్టం ముందు నిలబెట్టేవారు. అతని పుట్టిన ఊరు, మతం, వృత్తి, చదువు మొదలైన వివరాలను ఒక వ్యక్తిగత పత్రంలో నమోదు చేసేవారు. చాలా భాషలలో బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథనే చెప్పించారు. భారతీయ భాషల సర్వేలో గ్రియర్సన్ కూడా నమూనాగా వాడినది ఆ కథే.

ఇంత కట్టుబాటులోనూ ఖైదీ సొంత మాట వినిపించిన సందర్భాలున్నాయి. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే సిక్కు సిపాయి పంజాబీలో ఒక నిమిషానికి పైగా మాట్లాడాడు. అతడు ‘నేను’ అనలేదు. ‘ఒక మనిషి’ అంటూ కథలా చెప్పాడు. ఆ మనిషి హిందుస్తానంలో వెన్న తిని పాలు తాగేవాడనీ, యూరపు యుద్ధానికి వచ్చి జర్మనీకి చిక్కాడనీ, ఇంటికి వెళ్ళాలన్నదే అతని కోరిక అనీ, ఇంకా రెండేళ్ళు ఇక్కడే ఉండవలసివస్తే చనిపోతాడనీ ఆ మాటల సారాంశం. ప్రచార పత్రికలలో కనిపించే సంతృప్త ఖైదీ ఈ మాటలలో కనిపించడు. మొదటిపురుషలోని (‘అతడు’) కథనం పర్యవేక్షకుల ముందు సొంత బాధను చెప్పడానికి అనువైన మార్గమై ఉండవచ్చు.

4. ముగింపు

ఆ భయం నిరాధారం కాదు. చలి, క్షయ భారతీయులను పీడించాయి. 1917 వసంతంలో వారిలో ఎక్కువమందిని వాతావరణం అనుకూలమని భావించి రుమేనియాకు తరలించారు. సమీపంలోని ట్సేరెన్స్‌డోర్ఫ్ శ్మశానంలో 206 మంది భారతీయుల స్మృతి నేటికీ నిలిచి ఉంది. మసీదును మాత్రం 1920ల మధ్యలో కూల్చివేశారు. పరిశోధకుడికి ఈ శిబిరం మూడు రకాల ఆధారాలను ఇస్తుంది: ఖైదీలను మెప్పించడానికి రాసిన పత్రిక, భాషను సేకరించడానికి చేసిన ధ్వనిముద్రణ, మృతుల కోసం కేటాయించిన శ్మశానం. మొదటిదానిని మాత్రమే చదివితే శిబిరం అతిథిగృహంగా కనిపిస్తుంది. రెండవదానిని కేవలం భాషా నమూనాగా వింటే మాట్లాడినవాడు మరుగున పడతాడు. మూడింటినీ కలిపి పరిశీలించినప్పుడే మసీదు కట్టించిన రాజ్యం దృష్టీ, ఇంటికి పోవాలనుకున్న సిపాయి దృష్టీ వేరువేరుగా తెలుస్తాయి.