ఆటే అలసటగా మారితే

ఎన్ని గంటలు ఆడారన్న లెక్కతోనే వీడియో గేమ్ వ్యసనాన్ని నిర్ధారించలేము. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ప్రకారం, ఆటపై అదుపు తప్పడం, తక్కిన పనులకన్నా దానికే ప్రాధాన్యం పెరగడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం సాధారణంగా 12 నెలలు కొనసాగితే అది రుగ్మత.

అలసట వేరు. ఆడాలనిపించదు; అయినా ఆనాటి బహుమతి చేజారుతుందేమోనని గేమ్ తెరుస్తారు. గెలిచినా సంతోషం ఉండదు, ఓడితే మాత్రం చిరాకు. పెద్దలు దీన్ని తరచుగా ఆఫీసు ఒత్తిడిగా పొరబడతారు.

రాత్రి భోజనమయ్యాక 10 గంటలకు మొదలుపెట్టి ఒంటిగంట దాకా ఆడే ఉద్యోగినే తీసుకుందాం. ఆటను ఒక్కసారిగా మానేయనక్కరలేదు. ముందుగా ఒక వారం, ఆట ముగించిన వేళను, అప్పటి మనఃస్థితిని రాసుకోవాలి. ఆపై గేమ్ నోటిఫికేషన్లు ఆపివేసి, ఆటను భోజనానికి ముందుకు జరపాలి. జట్టుగా ఆడే గేమ్‌ను మధ్యలో వదలడం కష్టం కనుక, గంట అనుకోవడం కన్నా రెండు మ్యాచ్‌లు అనుకోవడం మేలు. ఆ సంగతి జట్టువారికీ ముందే చెప్పాలి. ఖాళీ అయిన రాత్రివేళను అలాగే వదిలేస్తే ఫోన్ మళ్ళీ ఆక్రమిస్తుంది. అక్కడ క్యారమ్స్, పాత పాటలు వంటి మునుపటి ఇష్టాన్ని ఒక్కదాన్నే ఉంచాలి.

నిద్ర, ఉద్యోగం, డబ్బు దెబ్బతింటున్నా ఆగలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.