యాజమాన్య చర్చ, విశ్లేషణ నివేదిక

కంపెనీ వార్షిక నివేదికలో, ఆ ఏడాది ఫలితాలు అలా ఎందుకు వచ్చాయో, ముందున్న ముప్పులేమిటో, రాబోయే కాలం ఎలా కనిపిస్తోందో యాజమాన్యం తన మాటల్లో వాటాదారులకు వివరించే భాగం ఇది. వ్యాపార వర్గాల్లో దీన్ని ఎండీఏ అంటారు. లాభనష్టాల పట్టికలో అంకెలుంటాయి, వాటి వెనకున్న కారణాలుండవు. ఆ కారణాలు చెప్పడమే దీని పని.

ఈ పద్ధతి అమెరికాలో రూపుదిద్దుకుంది. అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 1980లో దీనికి ఇప్పటి రూపాన్ని ఇచ్చింది. 1989లో మరింత వివరణ జారీ చేస్తూ, కంపెనీని యాజమాన్యం చూసే కళ్లతోనే మదుపరి కూడా చూడగలగాలని చెప్పింది. మన దేశంలో కుమారమంగళం బిర్లా కమిటీ సిఫార్సుల తర్వాత 2000లో లిస్టింగ్ ఒప్పందంలోని 49వ క్లాజు ద్వారా ఇది వచ్చింది. ఇప్పుడు సెబీ 2015 లిస్టింగ్ నిబంధనల్లోని 34వ నిబంధన, ఐదో షెడ్యూలు దీనికి ఆధారం. పరిశ్రమ తీరు, అవకాశాలు, విభాగాలవారీ పనితీరు, ముందుచూపు, ముప్పులు, అంతర్గత నియంత్రణలు, సిబ్బంది సంఖ్య వంటివి ఇందులో ఉండాలని ఆ షెడ్యూలు చెబుతుంది. డైరెక్టర్ల నివేదికలో కలిపి రాయవచ్చు, విడిగానూ ఇవ్వవచ్చు.

ఏం రాయకపోతే తప్పవుతుందో అర్థం చేసుకోవడానికి క్యాటర్‌పిల్లర్ కేసును మించినది లేదు. భారీ యంత్రాలు తయారుచేసే ఈ అమెరికా కంపెనీకి 1989లో దాదాపు 49.7 కోట్ల డాలర్ల నికర లాభం వచ్చింది. అందులో సుమారు 23 శాతం బ్రెజిల్ అనుబంధ సంస్థదే. ఆదాయంలో మాత్రం ఆ సంస్థ వాటా 5 శాతమే. అంత లాభం యంత్రాలు అమ్మగా వచ్చింది కాదు. బ్రెజిల్‌లో అప్పుడు ధరలు ఆకాశాన్నంటుతున్నాయి. కరెన్సీ మారకపు లాభాలు, వడ్డీ ఆదాయం, ఎగుమతి రాయితీలు, పన్ను వెసులుబాట్లు కలిసి ఆ లాభాన్ని పెంచాయి. 1990 మార్చిలో అక్కడ కొత్త ప్రభుత్వం గద్దెనెక్కబోతోందని, పరిస్థితి తలకిందులు కావచ్చని ఆ ఏడాది మొదట్లోనే బోర్డు సమావేశాల్లో చర్చ జరిగింది. వార్షిక నివేదికలో మాత్రం ఆ మాటే లేదు. ఆ తర్వాతి త్రైమాసిక నివేదికలోనూ లేదు. జూన్‌లో కంపెనీ లాభాలు బాగా తగ్గుతాయని ప్రకటించినప్పుడు గానీ బ్రెజిల్ సంగతి బయటపడలేదు. షేరు ఒక్కసారిగా పడిపోయింది. 1992 మార్చి 31న కమిషన్ ఆదేశం వెలువడింది. తప్పు చేశామని గానీ చేయలేదని గానీ కంపెనీ అనలేదు. ఇకపై ఇలా జరగకుండా ఏర్పాట్లు చేసుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. గమనించాల్సింది ఏమిటంటే, లెక్కల్లో ఒక్క అంకె కూడా తప్పని కమిషన్ అనలేదు. బోర్డుకు తెలిసినది వాటాదారుకు చెప్పకపోవడమే ఇక్కడ ఆరోపణ.

ఫలితాల వివరణ ఎలా రాయాలో ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక నూలు మిల్లు కిందటేడు కిలో 250 రూపాయల చొప్పున 10,000 టన్నులు అమ్మింది, ఆదాయం 250 కోట్లు. ఈ ఏడు కిలో 290 చొప్పున 9,500 టన్నులు అమ్మింది, ఆదాయం 275.5 కోట్లు. ‘ఆదాయం 10 శాతం పెరిగింది’ అని రాసి ఊరుకుంటే అబద్ధం కాదు గానీ, చదివినవాడికి మిల్లు బాగా నడిచిందనిపిస్తుంది. విడదీసి చూస్తే, ధర పెరగడం వల్ల 38 కోట్లు వచ్చాయి, సరుకు తగ్గడం వల్ల 12.5 కోట్లు పోయాయి. కొనుగోలుదారులు ఆర్డర్లు తగ్గించారన్న సంగతి ఆ రెండో అంకెలోనే ఉంది. సెబీ షెడ్యూలు ఈ విడదీత లెక్కను పేరుపెట్టి అడగదు, అయినా రాయదగ్గది ఇదే.

ఇదే మిల్లుకు నిర్వహణ లాభం 30 కోట్ల నుంచి 27 కోట్లకు దిగింది, వడ్డీ 10 కోట్ల నుంచి 13 కోట్లకు ఎక్కింది. అంటే వడ్డీకి లాభం 3 రెట్లు ఉండేది కాస్తా 2.08 రెట్లయింది. 31 శాతం తగ్గుదల. 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం ముఖ్యమైన ఆర్థిక నిష్పత్తుల్లో ఏది 25 శాతం లేదా అంతకు మించి మారినా వివరంగా కారణం చెప్పాలి. చాలా నివేదికల్లో ఇక్కడ కనిపించే వాక్యం ‘వడ్డీ ఖర్చు పెరిగినందున’. అది కారణం కాదు, ఆ భాగహారాన్నే మాటల్లో మళ్లీ చెప్పడం. అసలు కథ ఇది: పత్తి ధర ఇంకా పెరుగుతుందని తలచి అక్టోబరులో, పత్తి మార్కెట్‌కు వచ్చే వేళ, మిల్లు 60 కోట్ల సరుకు అదనంగా కొన్నది. 10 శాతం వడ్డీకి అప్పు తెచ్చింది. ఆరు నెలలకు 3 కోట్లు. ఇలా రాస్తే యాజమాన్యం ఒక పందెం కాసిందని వాటాదారుకు తెలుస్తుంది. నిర్వహణ లాభం ఆదాయంలో 12 శాతం నుంచి 9.8 శాతానికి పడింది. ఆ తగ్గుదల 18 శాతమే కనుక నియమం దాని జోలికి రాదు. 25 శాతమన్నది కనీస గీత. ఆ గీతకు ఇవతల ఉన్నదంతా చిన్న విషయమనుకోవడం తప్పు.

ముప్పుల భాగం ఈ కథకు కొనసాగింపుగా రావాలి. ‘ముడిసరుకు ధరల్లో హెచ్చుతగ్గులు మా లాభాలపై ప్రభావం చూపవచ్చు’ అన్న వాక్యం ఏ మిల్లుకైనా, ఏ ఏడాదికైనా సరిపోతుంది. అందుకే అది ఎవరికీ పనికిరాదు. మన మిల్లు గోదాములో మార్చి 31న ఆ 60 కోట్ల పత్తి అలాగే ఉందనుకుందాం. పత్తి, నూలు ధరలు కలిసి 10 శాతం దిగితే సుమారు 6 కోట్లు లాభంలోంచి పోతాయని రాయడమే ముప్పును చెప్పడం. 27 కోట్ల లాభం పక్కన ఆ 6 కోట్లు పెట్టి చూస్తే దాని బరువు ఎవరికైనా తెలుస్తుంది.

ముందుచూపు దగ్గర ఒక చిక్కుంది. మార్చి ముగిశాక 60 రోజుల్లో ఆడిట్ అయిన ఫలితాలు రావాలి. వాటాదారుల సమావేశానికి మాత్రం చాలా కంపెనీలకు సెప్టెంబరు చివరిదాకా గడువుంటుంది. కాబట్టి ఈ నివేదిక అచ్చుకు వెళ్లేనాటికి ఏప్రిల్, మే నెలల అమ్మకాలు యాజమాన్యానికి తెలిసే ఉంటాయి. ఆ నెలల్లో ధర దిగిందని తెలిసీ ‘గిరాకీ ఆశాజనకంగా ఉంది’ అని రాస్తే క్యాటర్‌పిల్లర్ బాట పట్టినట్టే. అంచనా తప్పితే ఎవరూ తప్పుపట్టరు. తెలిసినదాన్ని దాచి ఆశను అచ్చు వేయడం వేరు.

ఆచరణలో ఈ నివేదిక మొదటి చిత్తు చాలాచోట్ల కిందటేటి పాఠమే. పరిశ్రమ పరిచయం పేరుతో ప్రపంచ జీడీపీ నుంచి మొదలై నాలుగు పేజీలు నడుస్తుంది, సొంత మిల్లు సంగతి అరపేజీలో ముగుస్తుంది. రెండేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టి ముప్పుల భాగం చదివితే ఇది ఇట్టే దొరికిపోతుంది. అవే ముప్పులు, అదే వరుస, అవే విశేషణాలు.

ఈ భాగాన్ని ఆడిటరు ఆర్థిక పట్టికల్లా ధ్రువీకరించరు. చదివి, పట్టికలతో గానీ ఆడిట్‌లో తమకు తెలిసిన విషయాలతో గానీ పొసగని మాటలేమైనా ఉన్నాయేమో చూస్తారు. పట్టికలే తప్పయితే వివరణ ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు. హైదరాబాదు కంపెనీ సత్యం కంప్యూటర్స్ విషయంలో జరిగింది ఇదే. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి 649 కోట్ల నిర్వహణ లాభం, అంటే ఆదాయంలో 24 శాతం వచ్చినట్టు చూపారు. అసలు లాభం 61 కోట్లేనని, అది 3 శాతమేనని ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖలో ఒప్పుకున్నారు.