37 శాతం, 20 శాతం, 18 శాతం: ఫండ్ కాగితంలో ఏ లాభం ఎక్కువ?

ఒకే ఇంట్లో ముగ్గురు మూడు వేర్వేరు ఈక్విటీ ఫండ్లలో డబ్బు పెట్టారనుకుందాం. తండ్రి 2022 జనవరి 31న ఒకేసారి లక్ష రూపాయలు పెట్టారు. కొడుకు 2023 ఫిబ్రవరి 28న లక్ష పెట్టాడు. కూతురు 2022 జనవరి నుంచి ప్రతి నెలాఖరున 5,000 చొప్పున సిప్ కడుతోంది. 2024 ఆగస్టు 30 నాటి లెక్కలు చేతికొచ్చాయి. తండ్రి ఫండ్ 37 శాతం, కొడుకుది 20 శాతం, కూతురిది 18 శాతం పెరిగినట్టు ఉంది.

ఏజెంటు వచ్చి చూసి, "అబ్బాగారి ఫండే బాగుంది, మిగతా రెండూ తీసేసి అందులోకి మార్చేయండి" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. కానీ లెక్క కట్టి చూస్తే ఈ మూడు ఫండ్లూ దాదాపు ఒకే వేగంతో పెరిగాయి. ఏడాదికి సుమారు 13 శాతం.

అదెలాగో చూద్దాం. 37 అనేది అబ్సల్యూట్ రిటర్న్. అంటే పెట్టినప్పటి విలువతో పోలిస్తే మొత్తం ఎంత పెరిగింది అన్నదే. ఎన్‌ఏవీ, అంటే ఒక యూనిట్ ధర, 20 రూపాయల నుంచి 27.40కి చేరింది, కాబట్టి 37 శాతం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పెరుగుదలకు ఎంత కాలం పట్టిందో ఆ అంకె చెప్పదు. ఇక్కడ పట్టింది 942 రోజులు, అంటే రెండేళ్ల ఏడు నెలలు.

చాలామంది ఇక్కడ 37ని 2.58 ఏళ్లతో భాగించి, ఏడాదికి 14.3 శాతం అనుకుంటారు. ఇదీ సరి కాదు. మొదటి ఏడాది వచ్చిన లాభం కూడా ఫండ్‌లోనే ఉండి, రెండో ఏడాది దాని మీద మళ్లీ లాభం తెచ్చింది కదా. ఆ చక్రవృద్ధిని లెక్కలోకి తీసుకుని వచ్చేదే వార్షిక రాబడి, ఫ్యాక్ట్‌షీట్‌లో CAGR అని రాసేది. ఎక్సెల్‌లో ఇలా కొడితే వస్తుంది:

```
=(27.40/20)^(365/942)-1
```

జవాబు 12.97 శాతం. మొదటి బ్రాకెట్‌లో ఇప్పటి ఎన్‌ఏవీని పాత ఎన్‌ఏవీతో భాగించాలి, రెండో బ్రాకెట్‌లో 365ని మొత్తం రోజులతో భాగించాలి. ఫోన్ క్యాలిక్యులేటర్‌ను పక్కకు తిప్పితే వచ్చే సైంటిఫిక్ మోడ్‌లోనూ ఇదే చేయొచ్చు. నెలల్ని ఉజ్జాయింపుగా వేసుకోకుండా రోజులు లెక్కపెట్టుకోవడం మేలు. వ్యవధి చిన్నదయ్యేకొద్దీ నాలుగు రోజుల తేడా కూడా అంకెను కదిలిస్తుంది.

కొడుకు ఫండ్ ఎన్‌ఏవీ 50 నుంచి 60కి వెళ్లింది, 549 రోజుల్లో. ఇదే సూత్రం వేస్తే 12.89 శాతం. 37కి, 20కి మధ్య కనిపించిన అంత దూరం, కాలాన్ని సమం చేశాక పావలా వంతు కూడా మిగల్లేదు.

అసలు తికమక కూతురి సిప్‌లో ఉంది. ఆమె 31 వాయిదాల్లో 1,55,000 కట్టింది, దాని విలువ 1,82,900 అయింది. లాభం 18 శాతం. దాన్ని రెండేళ్ల ఏడు నెలలతో భాగిస్తే ఏడాదికి 7 శాతమే కనిపిస్తుంది, బ్యాంకు డిపాజిట్టే నయమనిపిస్తుంది. కానీ ఆ మొత్తం డబ్బు అన్నాళ్లూ ఫండ్‌లో లేదు. మొదటి 5,000 మాత్రమే 31 నెలలు ఉంది, చివరి 5,000 ఉన్నది ఒక్క నెల. సగటున ఒక్కో రూపాయి ఉన్నది 16 నెలలే. ఇలాంటిచోట CAGR పనికిరాదు, XIRR వేయాలి. ఒక వరుసలో కట్టిన తేదీలు, పక్కన కట్టిన మొత్తాలు మైనస్ గుర్తుతో, చివర ఇప్పటి విలువ ప్లస్‌తో రాసి XIRR సూత్రం వేస్తే 13కి దగ్గరగా వస్తుంది. మైనస్ గుర్తు మర్చిపోతే ఎక్సెల్ తప్పు చూపిస్తుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు ఏజెంటు మాట విని మార్చేస్తే ఏమవుతుంది? కూతురి చివరి 12 వాయిదాల యూనిట్లకు ఏడాది నిండలేదు. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు తీస్తే 1 శాతం ఎగ్జిట్ లోడ్ పడుతుంది. వాటి మీద వచ్చిన లాభం స్వల్పకాలికం కిందికి వస్తుంది, 2024 జూలై 23 నుంచి దాని పన్ను 20 శాతం. వేగంలో తేడా లేని ఫండ్‌లోకి వెళ్లడానికి ఇదంతా దండుగ ఖర్చు.

ఏడాదిలోపు వ్యవధికి ఇదే సూత్రం ఎదురు తిరుగుతుంది. కొత్త ఫండ్ ఒకటి 47 రోజుల్లో 4 శాతం పెరిగిందనుకోండి. దాన్ని చక్రవృద్ధితో ఏడాదికి సాగదీస్తే 35 శాతం దాటుతుంది. తర్వాతి 30 రోజుల్లో మార్కెట్ 3 శాతం దిగితే మొత్తం లాభం 77 రోజులకు 0.88 శాతమే, అప్పుడు "వార్షిక" అంకె 4 చిల్లరకు పడిపోతుంది. నెల రోజుల్లో 35 నుంచి 4కి వచ్చిన అంకెను పట్టుకుని పెళ్లి ఖర్చు లెక్క వేసుకోలేం. అందుకే ఈక్విటీ ఫండ్‌కు ఏడాదిలోపు అయితే అబ్సల్యూట్ అంకెనే చూడాలి, ఏడాది దాటితే CAGR. లిక్విడ్ ఫండ్ల సంగతి వేరు. వాటికి 7, 15, 30 రోజుల రాబడిని మామూలు లెక్కన ఏడాదికి మార్చి చూపడం ఆనవాయితీ. ఆ అంకెను తెచ్చి ఈక్విటీ ఫండ్ పక్కన పెట్టి పోల్చకూడదు.

ఫ్యాక్ట్‌షీట్‌లో ఏది ఏదో తెలుసుకోవాలంటే పట్టిక కింద చిన్న అక్షరాల్లో, చుక్క గుర్తు పక్కన ఉన్న వాక్యం చదవాలి. అక్కడ Absolute, CAGR, Simple Annualised అన్న మాటల్లో ఒకటి కనబడుతుంది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. 10,000 రూపాయలు పెడితే ఇప్పుడెంత అయ్యేదో చూపే గడి ఒకటి పట్టికలో ఉంటుంది. అందులో 13,700 ఉండి, పక్కన 12.97 ఉంటే అది వార్షికం. పక్కన 37 ఉంటే అది మొత్తం లాభం. సెబీ నిబంధన ప్రకారం ఏడాది, మూడేళ్లు, ఐదేళ్లు, మొదలైనప్పటి నుంచి అన్న లెక్కలు CAGRలోనే ఇవ్వాలి. కాబట్టి ఫ్యాక్ట్‌షీట్ పట్టికలో కంటే వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లలో, "31 నెలల్లో 37 శాతం" లాంటి వింత వ్యవధుల దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి.

అయితే CAGR సరిగ్గా వేసినా, మొదటి తేదీని ఎవరు ఎంచారన్నది మిగిలే ఉంటుంది. నిఫ్టీ 50 సూచీ 2020 జనవరి 14న సుమారు 12,362 దగ్గర, కరోనా దెబ్బకు మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. 2022 మార్చి 31న 17,465 దగ్గర ఉంది. మార్చి 23 నుంచి లెక్కిస్తే ఏడాదికి 50 శాతం పైన, జనవరి 14 నుంచి లెక్కిస్తే సుమారు 17 శాతం. సూచీ అదే, ముగింపు తేదీ అదే, మొదలు మాత్రం పది వారాలు జరిగింది. వింత వ్యవధి కనిపించినప్పుడు అదే తేదీల మధ్య ఆ ఫండ్ బెంచ్‌మార్క్ ఎంత పెరిగిందో కూడా ఇదే సూత్రంతో వేసి పక్కన పెట్టుకుంటే, పెరిగింది ఫండ్ గొప్పతనం వల్లనా, మార్కెట్ లేచినందువల్లనా అన్నది తేలుతుంది.