ఒకే పాదానికి ఆరు, ఏడు, ఎనిమిది

మంచిర్యాలలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాడికి రన్నింగ్ షూ ఏడో నంబరు సరిపోతుంది. అదే కుర్రాడు రేపు శ్రీరాంపూర్ గనిలో చేరితే స్టీలు మూతి బూటు ఎనిమిది కావాల్సి రావచ్చు. బజారుకు వేసుకెళ్లే శాండల్ ఆరు చాలు. పాదం మారలేదు కదా, నంబరెందుకు మారిందంటే, చాలామంది కంపెనీల మాయ అనో నాసిరకం పని అనో కొట్టిపారేస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అసలు కారణం మాత్రం ఆ నంబరు పుట్టుకలోనే ఉంది. అది మొదటినుంచీ పాదం కొలత కాదు, చెప్పు కుట్టే అచ్చు కొలత.

మన దుకాణాల్లో నడిచే సైజులు ఇంగ్లండు నుంచి వచ్చినవి. అక్కడ పూర్వం మూడు బార్లీ గింజల పొడవును ఒక అంగుళంగా లెక్కేసేవారు. చెప్పుల సైజుకూ సైజుకూ మధ్య తేడా ఇప్పటికీ ఆ ఒక్క గింజే, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. నాలుగు అంగుళాల అచ్చుకు సున్నా పెట్టి, పిల్లలకు పదమూడు దాకా లెక్కించి, పెద్దలకు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. విడ్డూరమైన లెక్కే, కానీ చెప్పులు కుట్టేవాడికి అచ్చే కళ్లెదురుగా ఉంటుంది గనుక అతనికి పనికొచ్చింది. మన ఊళ్లలో కిర్రు చెప్పులు కుట్టినవాళ్లకు ఏ నంబరూ అక్కర్లేకపోయింది. మనిషిని నిలబెట్టి పాదం కొలిచి తోలు కోసేవారు. కొనేవాడి పాదం చూడకుండానే వేల జతలు తయారుచేసే ఫ్యాక్టరీకే నంబరు అవసరం. మన దేశంలో బాటా 1930ల మొదట్లో కోల్‌కతా దగ్గరి కొన్నగర్‌లో మొదలైంది. అలాంటి ఫ్యాక్టరీ సరుకుతో పాటే ఆ అంకెలు మన ఊరి దుకాణాల దాకా వచ్చాయి.

ఇక లెక్క వేద్దాం. పాదం సరిగ్గా 26 సెంటీమీటర్లు అనుకుందాం. శాండల్‌కు ముందు మూత ఉండదు, వేళ్లు దేనికీ తగలవు, కాబట్టి అచ్చు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే చాలు. 263 మిల్లీమీటర్లంటే ఇంగ్లండు లెక్కలో ఆరు. పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ పాదం కొంచెం పరుచుకుంటుంది, ముందుకు జారుతుంది, వేడికి ఉబ్బుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ ఇస్తే అచ్చు 272, అంటే ఏడు. గని బూటు సంగతి ఇంకో రకం. లోపల మందపు సాక్సు, ముందు వంగని స్టీలు మూత. తోలైతే వాడుతుంటే సాగి వేలికి చోటిస్తుంది, స్టీలు ఇవ్వదు. పైగా భూగర్భ గని వాలుదారిలో దిగుతుంటే ఒంటి బరువంతా వేళ్లను ఆ మూతకేసి నెడుతుంది. ఇరవై మిల్లీమీటర్లు వదిలితే 280, ఎనిమిది. ఈ ఖాళీలు కంపెనీని బట్టి అటూఇటూ అవుతాయి. పాదానికీ అచ్చుకూ మధ్య ఎంత వదలాలన్నది మాత్రం వాడకమే తేలుస్తుంది.

అలాగైతే ఖాళీని కంపెనీలే లెక్కగట్టి, మూడింటి మీదా పాదం కొలతే వేయొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జపాన్ చేసేది అదే. అందుకే రన్నింగ్ షూ పెట్టె మీద 26 సెం.మీ. అని ఉంటే అది సాధారణంగా పాదం పొడవే. చిక్కల్లా కొందరు అచ్చు కొలతనూ, మరికొందరు పాదం కొలతనూ ఒకే నంబరుగా రాయడంలో ఉంది. ఒకే రకం బూటు రెండు కంపెనీల్లో రెండు సైజులు కావడానికి ఈ కలగాపులగం ఒక కారణం. ఇక్కడ కంపెనీలను నిందించేవాళ్లతో నాకు పేచీ లేదు. మన పాదాలకు మన లెక్కే ఉండాలని, తెనాలి ప్రాంతపు యలవర్తి నాయుడమ్మ ఒకప్పుడు డైరెక్టరుగా పనిచేసిన చెన్నై కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో లక్షమందికి పైగా పాదాలు కొలిపించింది. మన పాదాలు విదేశీ అచ్చుల కంటే వెడల్పని తేలింది. ‘భ’ అనే కొత్త సైజుల పద్ధతి ప్రతిపాదన దాంట్లోంచే వచ్చింది.

వెడల్పు మాట తీసిపారేసేది కాదు. పాదం వెడల్పైనవాడు ఇరుకు బూటులో నొప్పి భరించలేక పొడవు సైజు పెంచుతాడు. అప్పుడు మడమ వదులై రాసుకుంటుంది, బూటు మడతపడాల్సిన చోటు వేళ్ల కీళ్ల కింద కాకుండా ముందుకు జరుగుతుంది. మడమకు బొబ్బ వస్తే బూటు పొడవైందనీ, పరుగు తర్వాత బొటనవేలి గోరు నల్లబడితే చాలావరకు పొట్టిదైందనీ అనుమానించాలి. శాండల్‌లో చిటికెనవేలు అట్ట దాటి బయటికొస్తే, పొడవు సరిపోయినా వెడల్పు చాలలేదన్నమాట. పాదాలు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం పూట, మడమ గోడకానించి కాగితం మీద నిలబడి రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కూర్చుని కొలిస్తే ఒంటి బరువు పడదు, కొలత తక్కువొస్తుంది. దుకాణంలో షూ లోపలి అట్ట బయటికి లాగి దానిమీద నిలబడితే, పాదం అంచులు ఎటు దాటుతున్నాయో అక్కడికక్కడే కనిపిస్తుంది.