Career Gap: అనారోగ్యంతో ఉద్యోగం మానేశారా? ఇంటర్వ్యూలో ఆ గ్యాప్ గురించి ఇలా చెప్పండి

అనారోగ్యం వల్ల ఏడాదో, రెండేళ్లో ఉద్యోగానికి దూరమైన వారికి మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఒకటే టెన్షన్. "ఈ గ్యాప్ ఏంటి?" అని అడిగితే ఏం చెప్పాలి? మొత్తం చెప్తే ఉద్యోగం ఇవ్వరేమో, దాస్తే తర్వాత దొరికిపోతామేమో అన్న భయం. నిజానికి హెచ్‌ఆర్ తెలుసుకోవాలనుకునేది జబ్బు పేరు కాదు. ఇప్పుడు పని చేయగలరా, మళ్లీ మధ్యలో ఆగిపోతారా అన్నదే. జవాబు కూడా దాని చుట్టూనే ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఐదేళ్లు పనిచేసిన ఒక ఉద్యోగిని అనుకుందాం. వెన్నెముకకు టీబీ రావడంతో 2024 జూన్ చివర్లో రిజైన్ చేశారు. ఈ రకం టీబీకి సాధారణంగా ఏడాది పాటు మందులు వాడాల్సి ఉంటుంది. 2025 జులైలో కోర్సు పూర్తయింది, డాక్టర్ పనికి వెళ్లొచ్చన్నారు. అంటే గ్యాప్ 13 నెలలు.

ఇక్కడ చిక్కేంటంటే, టీబీ అనగానే అంటుకుంటుందని చాలామంది భయపడతారు. ఊపిరితిత్తులకు సోకకుండా వెన్నెముకకు మాత్రమే వచ్చిన టీబీ సాధారణంగా ఒకరి నుంచి ఒకరికి వ్యాపించదు. కానీ ఇంటర్వ్యూలో అదంతా వివరించే టైమ్ ఉండదు.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

గ్యాప్‌ను ఖాళీగా వదలొద్దు. ఉద్యోగాల వరుసలోనే ఒక లైన్ చాలు: "కెరీర్ బ్రేక్, ఆరోగ్య కారణం, జులై 2024 - జులై 2025. చికిత్స పూర్తయింది. ఆగస్టు 1 నుంచి ఫుల్‌టైమ్ పనికి సిద్ధం." లింక్డ్ఇన్‌లోనూ Career Break అనే ఆప్షన్ ఉంది. అందులో Health and well-being అని ఎంచుకోవచ్చు. కోలుకుంటున్న చివరి నెలల్లో ఏదైనా కోర్సు నిజంగా చేసి ఉంటే ఆ లైన్ కిందే రాయండి. చేయకపోతే ఏమీ రాయక్కర్లేదు.

ఇంటర్వ్యూలో మూడు వాక్యాలు

ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది, ఎప్పటి నుంచి రాగలరు. ఈ మూడు చెప్తే సరిపోతుంది. మన ఉదాహరణలో ఇలా: "వెన్నెముకకు ఇన్ఫెక్షన్ వచ్చిందండి, ఏడాది పాటు ట్రీట్‌మెంట్ తీసుకోవాల్సి వచ్చింది. జులైలో కోర్సు పూర్తయింది, ఫుల్‌టైమ్ పని చేయొచ్చని డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చారు. ఒకటో తారీఖు నుంచి జాయిన్ అవగలను."

ఇందులో అబద్ధం లేదు, అలాగని మెడికల్ రిపోర్టు మొత్తం చదివినట్టూ లేదు. తర్వాత వెంటనే పని విషయానికి వచ్చేయాలి. "మళ్లీ వస్తే?" అని అడిగితే, "ఆరు నెలలకోసారి చెకప్ ఉంది, శనివారం చూపించుకుంటాను" లాంటి కచ్చితమైన సమాధానం ఇవ్వండి. "ఏం కాదండీ" అంటే నమ్మకం కుదరదు. నైట్ షిఫ్ట్ వద్దని, బరువులు ఎత్తొద్దని డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం ఆఫర్ లెటర్ తీసుకునే ముందే చెప్పేయాలి. జాయినయ్యాక చెప్తే గొడవవుతుంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఏముండాలి?

చికిత్స చేసిన డాక్టర్ దగ్గరే తీసుకోవడం మంచిది. ఏ తేదీ నుంచి పనికి ఫిట్, ఏమైనా పరిమితులు ఉన్నాయా అన్నది రాసి, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. జబ్బు వివరాలన్నీ అందులో రాయించాల్సిన పని లేదు. అడగకుండా ఇవ్వక్కర్లేదు, ఫైల్లో రెడీగా ఉంచుకోండి.

ఎక్కడ దొరికిపోతారు?

చాలామంది చేసే తప్పు పాత కంపెనీలో రిలీవ్ అయిన తేదీని ముందుకు జరపడం, లేదా ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టడం. పీఎఫ్ ఉన్నవారికి ఈపీఎఫ్ఓ పోర్టల్‌లోని Service History లో జాయిన్ అయిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ తేదీలు, రెజ్యూమెలోవి కలవకపోతే ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు సమస్య గ్యాప్ కాదు, అబద్ధం. అందుకే అప్లై చేసేముందే యూఏఎన్‌తో లాగిన్ అయి తేదీలు చూసుకోండి. మానేసిన తేదీ అప్‌డేట్ కాకపోతే సరిచేయించుకోండి.

ఇంకో విషయం. జాయినింగ్ టైమ్‌లో ఇచ్చే మెడికల్ ఫారంలో "గతంలో టీబీ వచ్చిందా?" అని నేరుగా అడిగితే "లేదు" అని టిక్ పెట్టొద్దు. ఇంటర్వ్యూలో జబ్బు పేరు చెప్పకపోవడం వేరు, సంతకం పెట్టే కాగితంలో తప్పు రాయడం వేరు. తర్వాత బయటపడితే ఉద్యోగంలోంచి తీసేయడానికి అదే కారణం కావొచ్చు. "వచ్చింది, 2025 జులైలో చికిత్స పూర్తయింది" అని రాసి, సర్టిఫికెట్ కాపీ జత చేస్తే సరిపోతుంది.