నిరుద్యోగానికి ‘సహజం’ అన్న పేరు ఎలా వచ్చింది

నూట ఇరవై ఏళ్ల కిందట లండన్ రేవుల్లో పని దొరికే తీరు మన లేబర్ అడ్డాలు చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు. పొద్దున్నే గేటు బయట జనం చేరతారు. ఓడలు ఎన్ని వచ్చాయో చూసుకుని మేస్త్రీ బయటికొస్తాడు, కావలసినంతమందిని వేలు చూపించి పిలుస్తాడు. పిలుపు అందినవాళ్లు లోపలికి, మిగతావాళ్లు ఇంటికి. 1903లో తూర్పు లండన్‌లోని టాయిన్బీ హాల్ అనే సేవాకేంద్రంలో పనికి చేరిన విలియం బెవరిడ్జ్ అనే యువకుడు ఈ గేట్ల దగ్గర జరిగేదాన్ని పట్టిపట్టి చూశాడు. పని లేనివాడంటే సోమరి, తాగుబోతు, చేతకానివాడు అనే మాట బాగా చెల్లుబాటవుతున్న రోజులవి. బెవరిడ్జ్ మనిషి గుణం సంగతి పక్కనపెట్టి గేట్లను లెక్కపెట్టాడు.

ఆ లెక్క ఎలాంటిదో చూద్దాం. ఒక రేవులో ఐదు గేట్లున్నాయి అనుకోండి. ఒక్కో గేటుకి తక్కువ రద్దీ రోజున 40 మంది, ఎక్కువ రద్దీ రోజున 100 మంది కూలీలు కావాలి. రద్దీ ఏ రోజు వచ్చిపడుతుందో తెలియదు కాబట్టి ప్రతి గేటూ 100 మందిని తన చుట్టూ తిప్పుకుంటుంది. మొత్తం 500 మంది. కానీ ఐదు గేట్లకూ ఒకే రోజు రద్దీ రాదు. అన్నీ కలిపి చూస్తే ఏ రోజూ 350 మందికి మించి పని లేదు. అంటే ఎంత మంచి రోజైనా 150 మంది ఊరికే నిలబడాల్సిందే. వాళ్లకు పని రాక కాదు, వ్యాపారం పడిపోయీ కాదు. ప్రతి గేటూ తన రద్దీ రోజు కోసం విడిగా జనాన్ని పోగేసుకుంటుంది, అంతే. అన్ని గేట్లకూ కలిపి ఒకే చోట పేర్లు రాసుకుంటే 350 మందితో పని నడిచిపోతుంది. మిగిలిన 150 మంది రోజూ ఆశపడి నిలబడడం మానేసి వేరే పని వెతుక్కోవాల్సి వస్తుందని, అది వాళ్లకు కష్టమేనని బెవరిడ్జ్ దాచకుండా చెప్పాడు.

ఈ ఆలోచనతో 1909లో ఆయన నిరుద్యోగం మీద పుస్తకం రాశాడు. అదే ఏడాది బ్రిటన్‌లో చట్టం వచ్చింది. 1910 ఫిబ్రవరి 1న అరవైకి పైగా లేబర్ ఎక్స్‌ఛేంజీలు ఒకేసారి తలుపులు తెరిచాయి. మన దగ్గర 1945లో యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం మొదలై, తరవాత రెండు తరాల నిరుద్యోగులు కార్డు రెన్యువల్ చేయించుకుంటూ వచ్చిన ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజీ కూడా ఆ తానులో ముక్కే. పనీ ఉంది, పనివాడూ ఉన్నాడు, ఇద్దరూ కలవడానికి టైము పడుతోంది. ఈ మధ్యకాలపు ఖాళీకే తరవాత ఫ్రిక్షనల్ నిరుద్యోగం అన్న పేరు స్థిరపడింది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని సంఘృష్ట నిరుద్యోగిత అంటాయి.

1930ల మాంద్యంలో ఎక్స్‌ఛేంజీ గుమస్తా చేతులెత్తేశాడు. క్యూలో జనం ఉన్నారు, రిజిస్టరులో ఖాళీలు లేవు. బ్రిటన్‌లో బీమా ఉన్న కార్మికుల్లో ఐదో వంతుకు పైగా పని లేకుండా ఉన్న ఏడాది కూడా ఉంది. దేశం మొత్తంలో కొనుగోళ్లు పడిపోతే ఎంత బాగా వెతికినా పని దొరకదని కీన్స్ 1936లో సిద్ధాంతం కట్టాడు. వ్యాపార చక్రంతో పాటు వచ్చిపోయే ఈ నిరుద్యోగమే సైక్లికల్, అంటే చక్రీయం.

అదే 1936లో ఇంగ్లండ్ ఈశాన్య కొసన ఉన్న జారో అనే ఊరి నుంచి రెండువందల మంది పని అడగడానికి లండన్ దాకా నడిచి వెళ్లారు. ఊరికి అన్నం పెట్టిన ఓడల కర్మాగారం మూతపడి మూడేళ్లయింది. దక్షిణాన కార్ల ఫ్యాక్టరీలు, కరెంటు సామాన్ల ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి. కానీ ఓడకు రేకులు బిగించడం తెలిసినవాడు, పెళ్లాం పిల్లలతో సొంత ఊళ్లో ఉన్నవాడు, మూడువందల మైళ్ల అవతల వేరే పనిలోకి ఎలా దూకుతాడు? పనికీ పనివాడికీ నైపుణ్యం కుదరక, ఊరు కుదరక మిగిలిపోయే ఈ రకాన్ని స్ట్రక్చరల్ అన్నారు. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. కొద్ది ఏళ్లకే రెండో ప్రపంచయుద్ధం వచ్చి ఓడలు, ట్యాంకులు, విమానాలు కావాల్సి వచ్చేసరికి బ్రిటన్ నిరుద్యోగం ఒక శాతం కంటే కిందికి దిగింది. కుదరని మనుషులనుకున్న చాలామంది పనిలో కుదిరిపోయారు.

ఇక ‘సహజం’ అన్న మాట దగ్గరికి వద్దాం. 1958లో ఫిలిప్స్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ గణాంకాలు చూసి, నిరుద్యోగం తగ్గినప్పుడు జీతాలు వేగంగా పెరుగుతున్నాయని గీత గీసి చూపించాడు. కాస్త ధరల పెరుగుదల ఓర్చుకుంటే నిరుద్యోగం తగ్గించుకోవచ్చని ఆ గీతను విధానకర్తలు చదువుకున్నారు. 1967 డిసెంబరులో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఆ బేరం నిలవదన్నాడు. ఎడ్మండ్ ఫెల్ప్స్ కూడా విడిగా అదే కాలంలో అదే నిర్ణయానికి వచ్చాడు. వాళ్ల వాదన సులువుగా చెప్పాలంటే ఇది: ధరలు పెరిగితే మొదట యజమానికి లాభం కనిపించి ఎక్కువమందిని తీసుకుంటాడు. పనివాడు పెరిగిన జీతం చూసి సంతోషిస్తాడు. ఏడాది తిరిగేసరికి కిరాణా కొట్టు బిల్లు చూసి తన జీతం నిజానికి పెరగలేదని తెలుసుకుంటాడు. ఈసారి ధరల పెరుగుదలను ముందే లెక్కలో వేసుకుని జీతం అడుగుతాడు. యజమాని లాభం పోతుంది, నిరుద్యోగం పాత చోటికే వస్తుంది, ధరల పెరుగుదల మాత్రం మిగిలిపోతుంది. ఆ పాత చోటికి ఫ్రీడ్‌మన్ పెట్టిన పేరే సహజ నిరుద్యోగ రేటు.

సహజం అన్న మాట ఆయన స్వీడన్ ఆర్థికవేత్త వీక్సెల్ దగ్గర అరువు తెచ్చుకున్నాడు. వీక్సెల్ 1898లో ‘సహజ వడ్డీ రేటు’ గురించి రాశాడు. అక్కడా ఇక్కడా ఆ మాటకు అర్థం ఒకటే: డబ్బు సరఫరా ప్రభావాన్ని తీసేస్తే మిగిలేది. ప్రకృతి నిర్ణయించిందనో, మంచిదనో, మార్చలేమనో కాదు. సహజం అన్నంత మాత్రాన మారనిదని తన ఉద్దేశం కాదని, దాన్ని నిర్ణయించే వాటిలో చాలా భాగం మనుషులు చేసినవేనని ఫ్రీడ్‌మన్ ఆ ఉపన్యాసంలోనే చెప్పాడు. ఖాళీల సమాచారం బాగా అందితే, ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజీలు మెరుగుపడితే ఆ రేటు తగ్గుతుందనీ అన్నాడు. బెవరిడ్జ్ గేట్లు మళ్లీ వచ్చాయి చూడండి. ఆ రేటు ఎంతో సరిగ్గా కొలిచే పద్ధతి మన దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాడు. పేరు మాత్రం ఈ షరతులన్నీ వదిలేసి ఊరేగింది.

ఈ రేటు ఎక్కడి నుంచి పుడుతుందో ఒక చిన్న ఊరి లెక్కలో కనిపిస్తుంది. పనిచేయగలవాళ్లు 1,050 మంది. 1,000 మందికి పనుంది, 50 మందికి లేదు. ప్రతి నెలా పనిలో ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు, అంటే 20 మంది, ఏదో కారణంతో బయటికి వస్తారు. పని లేనివాళ్లలో నూటికి నలభై మంది, అంటే సరిగ్గా 20 మంది, పనిలో చేరతారు. మనుషులు మారుతుంటారు, 50 అన్న అంకె మారదు. రేటు 4.8 శాతం. ఇప్పుడు వెతుకులాట కష్టమై నెలకు నూటికి ఇరవై ఐదుగురికే పని దొరుకుతోందనుకోండి. పని లేనివాళ్లు పోగుపడుతూ 78 దగ్గర ఆగుతారు. రేటు 7.4 శాతం. ఎవరూ సోమరులవలేదు, కొత్తగా ఒక్క ఫ్యాక్టరీ కూడా మూతపడలేదు. పని దొరికే వేగం మారింది, దాంతో ఊరి ‘సహజం’ మారిపోయింది. ఫ్రిక్షనల్, స్ట్రక్చరల్ రెండూ ఈ వేగంలోనే కలిసి ఉంటాయి. సైక్లికల్ అన్నది దానిమీద వచ్చిపడే అదనం.

ఫ్రీడ్‌మన్ చెప్పినట్టే అయింది. 1969లో అమెరికా నిరుద్యోగం 3.5 శాతానికి దిగింది, ధరల పెరుగుదల ఐదు శాతం దాటింది. 1975లో నిరుద్యోగం తొమ్మిది శాతానికి ఎక్కినా ధరలు కూడా ఏడాదికి తొమ్మిది శాతం చొప్పున పెరిగాయి. దాంతో సహజ రేటుకు శాస్త్రం హోదా వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది. వచ్చిన నిరుద్యోగంలో సహజమెంత, అదనమెంత అన్నది ఎవరి నుదుటా రాసి ఉండదు.

2010 ఆగస్టులో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. ఇళ్ల రుణాల సంక్షోభం తరవాత అమెరికా నిరుద్యోగం 9.5 శాతం. మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడు నారాయణ కొచర్లకోట మిషిగన్‌లోని మార్కెట్ అనే ఊళ్లో మాట్లాడుతూ, సంస్థల దగ్గర ఖాళీలున్నా తగిన మనుషులు దొరకడం లేదని, ఇందులో చాలా భాగం వడ్డీ రేట్లు తగ్గిస్తే పోయేది కాదని అన్నారు. నిజంగా స్ట్రక్చరల్ అయితే దానికి గుర్తులుంటాయి. కొన్ని రంగాల్లో, కొన్ని ఊళ్లలో ఖాళీలు పెరిగి జీతాలు ఎగబాకాలి, మరికొన్ని చోట్ల మాత్రం జనం మిగిలిపోవాలి. అప్పుడు కనిపించింది అది కాదు. ఇళ్లు కట్టే వడ్రంగికే కాదు, గుమస్తాకీ, సేల్స్‌మన్‌కీ, టీచరుకీ కూడా నిరుద్యోగం పెరిగింది. జీతాలు పెద్దగా ఎగబాకలేదు. 2009 మధ్యలో ఒక్కో ఖాళీకి ఆరుగురికి పైగా నిరుద్యోగులున్నారు.

కొచర్లకోట సాక్ష్యం చూసి మనసు మార్చుకున్నారు. 2012లో, ధరలు అదుపులో ఉన్నంతవరకు నిరుద్యోగం 5.5 శాతం కంటే దిగేదాకా వడ్డీ పెంచొద్దని ఆయనే వాదించారు. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. ఆ 2012 జనవరిలో ఫెడ్ అధికారుల్లో ఎక్కువమంది దీర్ఘకాలపు నిరుద్యోగ రేటు 5.2 నుంచి 6 శాతం మధ్య ఉంటుందని అంచనా కట్టారు. 2019 చివరికి నిరుద్యోగం 3.5 శాతానికి దిగింది, ఫెడ్ చూసుకునే ధరల పెరుగుదల రెండు శాతం కూడా దాటలేదు. అధికారుల అంచనా అప్పటికి 4.1కి జారింది. 5.2నే నమ్ముకుని ముందే వడ్డీ బిగించి ఉంటే, చివర్లో పని దొరికిన ఆ లక్షల మంది బయటే ఉండిపోయేవాళ్లు. వాళ్లు ‘సహజం’ ఖాతాలో పడేవాళ్లు, తప్పు జరిగిందని తెలిసే దారి కూడా ఉండేది కాదు.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. అదనాన్ని అలాగే వదిలేస్తే అది సహజంగా మారిపోతుంది. రెండేళ్లు పని లేకుండా ఉన్నవాడి పనితనం తగ్గుతుంది, పరిచయాలు తెగిపోతాయి, దరఖాస్తులో ఆ ఖాళీ చూసి యజమాని పక్కన పెడతాడు. ఐరోపాలో 1980ల్లో నిరుద్యోగం ఎక్కి దిగకపోవడాన్ని ఆర్థికవేత్తలు బ్లాంచార్డ్, సమ్మర్స్ 1986లో ఇలా అదనం సహజంగా మారిపోవడంతోనే వివరించే ప్రయత్నం చేశారు.

మన దగ్గర సహజ రేటు గురించి మాట్లాడేముందు అంకె ఎలా పుడుతుందో చూడాలి. మన కార్మిక సర్వేలో వారపు లెక్క ప్రకారం, ఆ వారంలో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే. నిరుద్యోగ భృతి లేని చోట పూర్తిగా ఖాళీగా కూర్చునే స్తోమత పేదవాడికి ఉండదు, ఏదో ఒకటి చేస్తాడు. అందుకే సోమవారం నుంచి శనివారం దాకా అడ్డాలో నిలబడి, గురువారం ఒక్కరోజు ఇటుకలు మోసిన మనిషి మన నిరుద్యోగ రేటులో ఎక్కడా కనిపించడు. మిగతా ఐదు రోజులు అతను నిలబడ్డది అదే అడ్డాలో.