మట్టి పరీక్ష కాగితంలో మిగిలిన ఉదజని

చేవెళ్ల ఎరువుల దుకాణంలో రైతు మాట్లాడే రసాయన శాస్త్రం ఒకటి, అదే ఊరి బడిలో ఆయన కొడుకు చదివే రసాయన శాస్త్రం మరొకటి. కొడుకు పుస్తకంలో నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం ఉంటాయి. తండ్రి మాత్రం నత్రజని, భాస్వరం, పొటాష్ అంటాడు. మూడింటిలో రెండు తెలుగులో కట్టుకున్న పేర్లు, ఒకటి అరువు మాట. మూడూ ఆయన నోట ఒకే తీరుగా వస్తాయి. ఒకే పదార్థానికి ఒకే ఇంట్లో రెండు పేర్లు ఎలా వచ్చాయో తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. రెండేళ్లకు అది మద్రాసుకు తరలింది. చరిత్రతో పాటు రసాయన, జీవ, పదార్థ విజ్ఞాన శాస్త్రాలను కూడా తెలుగులో అచ్చువేయాలని పూనుకున్నవాళ్లకు మొదట ఎదురైన చిక్కు పేర్లదే. ఆ తరం రచయితలు ఎక్కువగా పట్టుకున్న దారి, యూరప్ పేరును విప్పి దాని అర్థాన్ని సంస్కృతంలో మళ్లీ కట్టడం. లవోసియే, ఆయన మిత్రులు 1787లో ఫ్రాన్సులో రసాయనాల పేర్లకు ఒక పద్ధతి ఏర్పరిచారు. అందులో ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది, హైడ్రోజన్ అంటే నీటిని పుట్టించేది. వాటికి తెలుగులో ఆమ్లజని, ఉదజని వచ్చాయి. నైట్రోజన్‌కు నత్రజని వచ్చింది. నైటర్ అంటే మనకు తెలిసిన సురేకారమే. ఆ మాట చేతిలో ఉండగా, వినడానికి మూలానికి దగ్గరగా ఉండే ‘నత్ర’ రూపమే నిలిచింది. ఫాస్ఫరస్ అంటే వెలుగును మోసేది కనుక భాస్వరం అయింది.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని లవోసియే నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని హంఫ్రీ డేవీ 1810 ప్రాంతంలో తేల్చాడు. ‘ఆక్సిజన్’ అన్న పేరు తెలుగు పిల్లవాడికి వట్టి చప్పుడే కాబట్టి అది ఏ తప్పూ నేర్పదు. ‘ఆమ్లజని’ మాత్రం పలికినప్పుడల్లా రెండు వందల ఏళ్ల కిందటే కొట్టివేసిన సిద్ధాంతాన్ని మళ్లీ చెబుతుంది. అర్థం తేటగా తెలిసే పేరు కట్టేముందు ఆ అర్థం నిజమో కాదో చూసుకోవాలని నేను గట్టిగా అనుకోవడానికి కారణం ఇదే.

మద్రాసులో ఈ పేర్లు అచ్చవుతున్నప్పుడు చేవెళ్ల, మొయినాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నాయి. అక్కడ పైచదువు ఉర్దూలో నడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన అనువాద శాఖ కొత్త శాస్త్ర పదాలకు అరబీ, ఫారసీ ధాతువులను ఆధారం చేసుకుంది. భూమి లెక్కల్లో తరి, ఖుష్కి, పహాణీ అన్న మాటలు ఊరూరా పాతుకుపోయాయి. తెలుగు శాస్త్ర పదాలు ఈ నేలకు పెద్దఎత్తున వచ్చింది 1956 తర్వాతే.

అప్పుడు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి పాఠ్యపుస్తకం. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తెచ్చింది. కాలం గడిచేకొద్దీ పాఠాల్లో మూలకాల పేర్లు అంతర్జాతీయ రూపాల్లోకి మారాయి, చర్యల పేర్లు తెలుగులో నిలిచాయి. సగం అరువు, సగం సొంతం అయిన ‘ఆక్సీకరణం’ ఆ రాజీకి మంచి గుర్తు. రెండో దారి వ్యవసాయం. 1964లో మొయినాబాద్‌కు దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడి కరపత్రాలు, రేడియోలో రైతుల కార్యక్రమాలు, వ్యవసాయ పత్రికలు నత్రజని, భాస్వరం అనే మాటలను పంట పంటకూ చెబుతూ వచ్చాయి. అందుకే బడి వదిలేసిన పేర్లు పొలంలో బతికాయి. ఇంకా వింతైనది ఉదజని. హైడ్రోజన్ వాయువును ఈ రోజు ఆ పేరుతో పిలిచేవాళ్లు అరుదు. భూసార పరీక్ష ఫలితాల్లో మాత్రం pH కి ఎదురుగా ‘ఉదజని సూచిక’ అని ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ సూచిక ఏం చెబుతుందో పేరును బట్టి తెలియదు. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సెన్ 1909లో తెచ్చిన ఆ కొలతలో అంకె తగ్గితే ఆమ్లగుణం పెరుగుతుంది. ఒక్క అంకె తగ్గితే అది పదింతలవుతుంది. ఉదజని సూచిక అని వినగానే అంకె పెరిగితే ఉదజని పెరిగినట్టు అనిపిస్తుంది, నిజం దానికి తలకిందులు.

దీని పక్కనే రైతు సొంత మాటలను పెట్టి చూడండి. నేల మీద తెల్లగా ఉప్పు పూస్తే పాల చౌడు. నల్లబారి, తడిస్తే జిగటై, ఎండితే గట్టిపడి, నీరు ఇంకని నేల కారు చౌడు. మొదటిదాంట్లో కరిగే లవణాలు ఎక్కువ, మంచినీరు నిలగట్టి కడిగి, మురుగు కాలువల్లోకి వదిలితే బాగుపడుతుంది. రెండోదాంట్లో మట్టి రేణువులను సోడియం పట్టుకుని ఉంటుంది, pH 8.5 దాటుతుంది, జిప్సం వేయకుండా ఎంత కడిగినా దారికి రాదు. నేల శాస్త్రం విడదీసిన రెండు జబ్బులను రైతులు కంటితో చూసి ముందే విడదీశారు. శాస్త్రవేత్తలు ఈ పేర్లను అలాగే తీసుకున్నారు. ఇక్కడ పదాన్ని కట్టలేదు, వెతికి పట్టుకున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. జిల్లా జిల్లాలో రైతుల నోట విని పోగుచేసిన ఆ పదాలు కొత్త పేర్లు కావలసినవాళ్లకు చేతికందే ముడిసరుకు.

చేవెళ్ల, మొయినాబాద్ పాలీహౌసుల్లో గులాబీ, జెర్బెరా పెంచేవాళ్లకు ఇప్పుడు అలాంటి అవసరం ఉంది. డ్రిప్‌కు బిందు సేద్యం అన్న పేరుంది, కాగితాల్లో బాగానే నడుస్తోంది. డ్రిప్ నీళ్లలోనే ఎరువు కరిగించి పంపడాన్ని మాత్రం అందరూ ఫర్టిగేషన్ అంటారు. దీనికి పేరు కట్టాలంటే నేను రైతు మాట ‘తడి’ నుంచి మొదలుపెడతాను. పొలానికి ఒకసారి నీళ్లిస్తే అది ఒక తడి. కనుక ‘ఎరువుతడి’ అనవచ్చా? వినడానికి బాగుంది, కానీ మొక్కల మొదట్లో యూరియా చల్లి తర్వాత నీళ్లు పెట్టడం పాత అలవాటు, ఈ మాట దానికీ సరిపోతుంది. ఫర్టిగేషన్‌లో ఎరువు ముందే నీళ్లలో కరిగి ఉండాలి, అసలు సంగతి అదే. అప్పుడు ద్రావణానికి ‘ఎరువునీరు’, దాన్ని పంపడానికి ‘ఎరువునీటి తడి’ అంటే తేడా నిలుస్తుంది.

పేరు సరిపోయిందో లేదో దాన్ని పనిలో పెడితేనే తెలుస్తుంది. కాల్షియం నైట్రేటును, ఫాస్ఫేటు గానీ సల్ఫేటు గానీ ఉన్న ఎరువును చిక్కగా ఒకే ట్యాంకులో కలిపితే తెల్లటి మడ్డి పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ‘ఈ రెండు ఎరువునీళ్లు ఒకే ట్యాంకులో కలపొద్దు, వేరువేరు తడుల్లో ఇవ్వు’ అని పనివాడికి చెప్పి చూడండి, వివరణ అక్కర్లేదు. ఎరువునీటిని గొట్టంలోకి పీల్చే పరికరం వెంచురికి మాత్రం నేను తెలుగు వెతకను. అది ఇటలీ శాస్త్రవేత్త వెంచురి ఇంటిపేరు, విప్పి చూస్తే లోపల అనువదించడానికి అర్థమేమీ ఉండదు.